దూరాన పెళ్ళి ఖర్చు: టికెట్టుకంటే ముందు ముహూర్తం చూసుకోవాలి

ప్రశ్న: మా ఆవిడ పిన్ని కూతురి పెళ్ళి శ్రీకాకుళంలో. హైదరాబాద్ నుంచి మేమిద్దరం, మా పిల్లలిద్దరూ (11, 7 ఏళ్ళు) వెళ్ళాలి. ప్రయాణం, బట్టలు, బస, చదివింపులు అన్నీ కలిపి 30 వేలలో అవుతుందా? పెళ్ళికి ఇంకా యాభై రోజులుంది.

జవాబు:

అవుతుంది, కానీ చాలా జాగ్రత్తగా ఉంటేనే. నిరుడు మేము కూడా నలుగురం హైదరాబాద్ నుంచి శ్రీకాకుళానికే, మా వారి మేనమామగారి అమ్మాయి పెళ్ళికి వెళ్ళి వచ్చాము. మాకు మొత్తం 37,116 రూపాయలైంది. అందులో 5,350 రూపాయలు కేవలం ఒక తేదీని తప్పుగా అర్థం చేసుకున్నందుకు పోయినవి. అందుకే ఆ సంగతి ముందు చెబుతాను.

శుభలేఖ రాకముందే మామయ్యగారు ఫోన్ చేసి, "శుక్రవారం రాత్రి రెండు గంటల ముప్పై ఆరు నిమిషాలకు ముహూర్తం" అన్నారు. రైలు టికెట్లు ప్రయాణానికి అరవై రోజుల ముందు నుంచే దొరుకుతాయి, పెళ్ళికి అప్పటికే యాభై రోజులు కూడా లేవు కనుక, ఆ రాత్రే కూర్చుని కొనేశాము. గడియారం ప్రకారం తేదీ అర్ధరాత్రి మారుతుంది కదా అని, మేము దానిని గురువారం రాత్రి గడిచాక వచ్చే రెండున్నరగా లెక్కవేసుకున్నాము. బుధవారం సాయంత్రం బయలుదేరి గురువారం ఉదయానికి చేరేలా, శుక్రవారం సాయంత్రం తిరుగు రైలు ఎక్కేలా టికెట్లు తీసుకున్నాము. పంచాంగంలో మాత్రం రోజు సూర్యోదయం నుంచి సూర్యోదయం వరకు. రెండు వారాల తరువాత వచ్చిన శుభలేఖలో "శుక్రవారం రాత్రి, తెల్లవారితే శనివారం" అని స్పష్టంగా ఉంది. అంటే మేము తిరుగు రైలులో నిద్రపోతున్న వేళకు అక్కడ జీలకర్ర బెల్లం పెట్టిస్తారన్నమాట.

తిరుగు టికెట్లు రద్దు చేసుకుంటే నలుగురికీ కలిపి 750 రూపాయల దాకా కోత పడింది. శనివారం రైళ్ళలో వెయిటింగ్ లిస్టు వంద దాటిపోయింది. అది మంచి ముహూర్తం రోజు కావడంతో ఒక్క మన పెళ్ళే కాదు, జిల్లాలో ఎన్నో పెళ్ళిళ్ళున్నాయి. చివరకు మనిషికి 1,900 చొప్పున ప్రైవేటు స్లీపర్ బస్సులో 7,600 పెట్టి వచ్చాము. థర్డ్ ఏసీలో అయితే 4,800తో పోయేది. గదికి కూడా ఒక రోజు అద్దె అదనంగా కట్టవలసి వచ్చింది. కాబట్టి దయచేసి టికెట్టు తీసుకునే ముందు పిన్నిగారిని, "తెల్లవారితే ఏ వారం?" అని ఒక్క మాట అడగండి. ముహూర్తం ఎప్పుడైనా, అప్పగింతలు అయ్యేసరికి ఎంత పొద్దెక్కుతుందో కూడా కనుక్కుని తిరుగు రైలు చూసుకోండి.

సికింద్రాబాద్ నుంచి విశాఖ ఎక్స్‌ప్రెస్, ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ రెండూ శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో ఆగుతాయి. ఆ స్టేషన్ ఉన్నది ఆముదాలవలసలో. ఊళ్ళోకి ఇంకా పదమూడు కిలోమీటర్ల దాకా ఉంటుంది కనుక సామానుతో ఆటో ఖర్చు వేసుకోవాలి. టికెట్లు దొరకకపోతే విశాఖపట్నం వరకు చూడండి. అక్కడి దాకా రైళ్ళు ఎక్కువ, అక్కడి నుంచి ఆర్టీసీ బస్సులున్నాయి. మీ పిల్లలిద్దరూ పన్నెండేళ్ళ లోపువారే కాబట్టి బెర్తు వద్దంటే సగం టికెట్టు చాలు. ఏడేళ్ళ బిడ్డను పక్కలో పడుకోబెట్టుకోవచ్చు గాని, పదకొండేళ్ళ బిడ్డకు రాత్రి ప్రయాణంలో బెర్తు తీసుకోవడమే మంచిది. వెళ్ళేటప్పుడు స్లీపర్ క్లాసులో వెళితే మనకు సుమారు మూడు వేలు మిగులుతాయి. వచ్చేటప్పుడు మాత్రం రాత్రంతా మేలుకొని ఉంటారు కాబట్టి ఏసీలోనే రండి.

బస విషయంలో మొహమాటపడకుండా అడగవలసిన ప్రశ్న ఒకటుంది. కల్యాణ మండపంలోని గదులు సాధారణంగా మగపెళ్ళివారి విడిదికి పోతాయి. మీరు ఆడపెళ్ళివారి బంధువులు కనుక మీకు గది ఉంటుందని అనుకోకండి. మాకు హాలులో చాపలు వేస్తామన్నారు, వారి తప్పేమీ లేదు. మేము లాడ్జిలో రోజుకు 1,800 చొప్పున ఏసీ గది తీసుకున్నాము. చిన్న ఊళ్ళలోని చాలా లాడ్జిలలో మీరు దిగిన గంట నుంచి ఇరవై నాలుగు గంటలు లెక్క. గురువారం ఉదయం పదింటికి దిగి శనివారం సాయంత్రం ఖాళీ చేసినందుకు మా దగ్గర మూడు రోజులకు 5,400 తీసుకున్నారు. మీరు పెళ్ళినాటి ఉదయం దిగితే రెండు రోజులతో సరిపోతుంది.

బట్టలలో నాకు ఖర్చు అనిపించినది చీరలు కాదు. ఉన్న పట్టుచీరలు మూడింటిని పాలిష్ చేయించుకుంటే 450 అయింది. ఒక జాకెట్టు లైనింగ్‌తో కుట్టించడానికి 900 పట్టింది. దానికే మగ్గం పని చేయిస్తే చీర ధరను మించిపోతుంది, ఆ మాట మీ ఆవిడగారితో ముందే మాట్లాడుకోండి. పిల్లల పాత బట్టలు పొట్టివైపోతాయి కనుక కొత్తవి తప్పలేదు, ఇద్దరికీ 4,200 అయింది. మీ ఆవిడగారు పెళ్ళికూతురికి అక్క వరస. పెళ్ళికూతురిని చేసేనాటికే రమ్మని పిన్నిగారు అడగవచ్చు. అలాగైతే తన టికెట్టు వేరుగా, ముందు రోజులకు తీసుకోవాలి. అక్క వరసవారు పెళ్ళికూతురికి చీర పెట్టే ఆనవాయితీ మీ ఇంట్లో ఉందేమో మీ అత్తగారిని అడిగి తెలుసుకోండి. నేను పెట్టిన చీర 4,500. వాళ్ళు మనకు పెట్టే బట్టలను ఎప్పుడూ లెక్కలోకి తీసుకోకండి.

ఆటోలు, దారిలో తిండి, పూలు, హారతి పళ్ళెంలో చిల్లర కలిపి మాకు 3,400 అయింది. ఇవన్నీ పోను మిగిలినది చదివింపులు. చాలామంది ఖర్చంతా అయ్యాక చేతిలో మిగిలినది చదివిస్తారు. నేను దీనినే అందరికంటే ముందు పక్కన పెట్టాను. మా పెళ్ళి చదివింపుల పుస్తకం మా అత్తగారి బీరువాలో భద్రంగా ఉంది. తీసి చూస్తే, పదమూడేళ్ళ క్రితం మామయ్యగారి పేరున 1,116 రూపాయలు, ఒక వెండి కుంకుమ భరిణె అని నీలం సిరాతో రాసి ఉంది. అప్పట్లో వారి పరిస్థితి మాకు తెలుసు, ఆ సొమ్ము వారికి తేలిక కాదు. అందుకే 5,116 అనుకున్నాము. మీరు కూడా మీ పెళ్ళి పుస్తకం ఒకసారి తెరిచి చూడండి. మీ అత్తగారు, బావమరిది విడివిడిగా చదివిస్తారా, అందరూ కలిపి ఒకే పేరున చదివిస్తారా అన్నది ఫోనులోనే తేల్చుకోండి. పీటల దగ్గర నిలబడి మాట్లాడుకునే విషయం కాదది. నోట్లు, పైన పెట్టే పదహారుకు చిల్లర హైదరాబాద్‌లోనే సిద్ధం చేసుకుని, కవరు మీద ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాయండి. మా పేరును అక్కడ కూర్చున్న అబ్బాయి ఇంటిపేరు లేకుండా రాసుకున్నాడు. అదే పేరుతో ఇంకొక బంధువు ఉండడంతో, ఆ సొమ్ము ఎవరిదని అడుగుతూ మామయ్యగారు వారం తరువాత ఫోన్ చేశారు.