పాత బిల్లును ముట్టకండి, రీఫండ్ బాకీకి ఒక పద్దు తెరవండి

"మాది అనంతపురంలో చీరల దుకాణం. బిల్లులో ఒక చీర వాపసు వచ్చినా, కొంత డబ్బు తిరిగి ఇచ్చినా నెలాఖరుకు స్టాకు, అమ్మకాలు, బ్యాంకు లెక్క మూడూ మూడు రకాలుగా ఉంటున్నాయి. పాత బిల్లునే సరిదిద్దితే సరిపోతుందా?"

సరిపోదు. మీ లెక్కలు కలవకపోవడానికి అసలు కారణమే ఆ సరిదిద్దడం అయి ఉంటుంది. కడపలో వై.వి. స్ట్రీట్ చుట్టుపక్కల బట్టల దుకాణాలకు లెక్కలు రాయడం నా వృత్తి. బిల్లింగ్ ప్రోగ్రామ్‌లో ముందుగా తీసేయాల్సినది పాత బిల్లును మార్చే మీట అని ప్రతి యజమానికీ చెబుతూనే ఉంటాను. వాపసు అంటే జరిగేది ఒక్క పని కాదు. సరుకు లోపలికి వస్తుంది, అమ్మకం తగ్గుతుంది, డబ్బు బయటికి వెళుతుంది. ఈ మూడూ ఒకే రోజు జరగాలని లేదు, ఒకే మొత్తంలో జరగాలనీ లేదు. పాత బిల్లులో ఒక వరస చెరిపేస్తే ప్రోగ్రామ్ మూడూ ఒకేసారి, అదీ అమ్మిన తేదీనే జరిగిపోయినట్టు రాసుకుంటుంది. అక్కడి నుంచి ఏదీ దేనితోనూ కలవదు.

నేను దగ్గరుండి చూసిన ఒక బిల్లు చెబుతాను. జులై నెలాఖరున ఒకావిడ మూడు చీరలు కొన్నారు. పన్నుతో కలిపి వాటి ధరలు రూ.4,200, రూ.2,800, రూ.1,400. మొత్తం రూ.8,400. బేరం తర్వాత బిల్లు మీద రూ.525 తగ్గించారు. ఆవిడ కట్టింది రూ.7,875. అందులో రూ.5,000 యూపీఐ, మిగిలిన రూ.2,875 నగదు. చీరలకు జీఎస్టీ 5 శాతం కాబట్టి ఈ బిల్లులో అమ్మకం విలువ రూ.7,500, పన్ను రూ.375.

శ్రావణమాసం హడావిడిలో ఆవిడ మళ్ళీ వచ్చారు. రెండో చీర రంగు నచ్చలేదు, వాపసు తీసుకోమన్నారు. మూడో చీర కొంగులో రెండు మూడు చోట్ల పోగులు లేచి ఉన్నాయి. అది ఇంట్లో కట్టుకుంటాను, ఎంతో కొంత తగ్గించండి అన్నారు. యజమాని మంచివాడు, రెండింటికీ ఒప్పుకున్నాడు.

రెండో చీరకు ఎంత ఇవ్వాలి? కౌంటర్‌లో కుర్రాడు చీర మీది చీటీ చూసి రూ.2,800 అన్నాడు. కాదు. బిల్లు మొత్తం మీద ఇచ్చిన తగ్గింపు ప్రతి చీరకూ దాని ధరను బట్టి పంచాలి. 8,400లో 2,800 అంటే మూడో వంతు, కాబట్టి 525లో మూడో వంతు, అంటే రూ.175, ఈ చీర వాటా. ఆవిడ ఈ చీరకు నిజంగా కట్టింది రూ.2,625. ఈ పంపకం వాపసు వచ్చిన రోజు చేస్తే ఆలస్యమైనట్టే. బిల్లు కొట్టేటప్పుడే ప్రతి వరసకూ తగ్గింపు వాటా లెక్కగట్టి ఆ వరసలోనే దాచాలి. పైసల తేడా మిగిలితే దాన్ని చివరి వరసకు వేయాలి. లేకపోతే మూడు చీరలూ విడివిడిగా వాపసు వచ్చిన రోజున మనం పుచ్చుకున్నదానికన్నా ఎక్కువ తిరిగి ఇస్తాం.

మూడో చీరకు పోగులు లేచినందుకు రూ.210 తగ్గించారు. ఇక్కడ సరుకు కదలలేదు, చీర ఆవిడ దగ్గరే ఉంది. చాలా ప్రోగ్రాములు తడబడేది ఇక్కడే. డబ్బు తిరిగి ఇవ్వాలంటే వాపసు పరిమాణం ఒకటి వేయక తప్పదు, వేస్తే స్టాకులో లేని చీర పుట్టుకొస్తుంది. అందుకని వాపసుకో తగ్గింపుకో విడిగా రాసే పత్రం, అంటే క్రెడిట్ నోట్‌లో ప్రతి వరసకూ పరిమాణం వేరుగా, మొత్తం వేరుగా ఉండాలి. రెండో చీర వరసలో పరిమాణం 1, మొత్తం రూ.2,625. మూడో చీర వరసలో పరిమాణం 0, మొత్తం రూ.210. అంతా కలిపి రూ.2,835. అందులో అమ్మకం విలువ రూ.2,700, పన్ను రూ.135. ప్రతి వరసా పాత బిల్లులో ఏ వరసకు చెందినదో దాని నంబరుతో ముడిపడి ఉండాలి.

ఈ క్రెడిట్ నోట్ తేదీ ఆగస్టు. జులై బిల్లు జులైలోనే చెక్కుచెదరకుండా ఉంటుంది. ఆ నెల జీఎస్టీఆర్-1 అప్పటికే దాఖలైపోయింది కాబట్టి, బిల్లు మారిస్తే పుస్తకం ఒకటి చెబుతుంది, రిటర్న్ ఇంకొకటి చెబుతుంది. జీఎస్టీ చట్టం 34వ సెక్షన్ క్రెడిట్ నోట్ పెట్టింది ఇందుకే: సరుకు వాపసు వచ్చినా, సరుకులో లోపం తేలినా, ఎక్కువ వసూలు చేసినా అదే పత్రం. మామూలు కొనుగోలుదారుల విషయంలో ఆ నెల అమ్మకాల్లోంచి తీసి నికరంగా చూపితే చాలు. అమ్మిన ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 దాకా, లేదా వార్షిక రిటర్న్ వేసే దాకా, ఏది ముందైతే అప్పటి వరకు పన్ను తగ్గించుకోవచ్చు. రెడీమేడ్ దుస్తులు కూడా అమ్మేవారికి ఒక జాగ్రత్త. వెయ్యి దాటి రూ.2,500 వరకు ఉన్న దుస్తుల మీద పన్ను 2025 సెప్టెంబరు 22న 12 నుంచి 5 శాతానికి తగ్గింది. అంతకుముందు అమ్మినది తర్వాత వాపసు వస్తే క్రెడిట్ నోట్‌లో ఉండాల్సింది పాత 12 శాతమే. ప్రోగ్రామ్ ఇవాళ్టి రేటు వెతుక్కోకూడదు, పాత వరసలోని రేటునే తీసుకోవాలి.

ఇక డబ్బు. రూ.2,835 యూపీఐలోనే వెనక్కి పంపుదాం అనుకున్నారు. ఆవిడ యూపీఐలో కట్టింది రూ.5,000 కాబట్టి అందులో ఇది ఇమిడిపోతుంది. ఏ దారిలో వచ్చిన డబ్బు ఆ దారిలోనే, వచ్చినంతకు మించకుండా వెళ్ళడం మంచి పద్ధతి. కుర్రాడు మీట నొక్కాడు. తెర మీద "ప్రాసెస్ అవుతోంది" అని పడి ఆగిపోయింది. దుకాణం నిండా జనం. ఆవిడకు రాజంపేట బస్సు టైమైంది. "అన్నా, ఇంకా రాలేదు" అని ఆవిడ ఫోను చూపించారు. కుర్రాడు గల్లాపెట్టెలోంచి రూ.2,835 తీసి చేతిలో పెట్టాడు. సాయంత్రానికి యూపీఐ కూడా చేరింది. ఒకే రీఫండు రెండుసార్లు వెళ్ళింది. గల్లాలో తక్కువ వచ్చిందని యజమాని ఆ రాత్రి కుర్రాడి జీతంలో కోస్తానన్నాడు. నాకు బాధ కలిగింది. ఆ కుర్రాడు దొంగ కాడు. ఏది వెళ్ళిందో ఏది వెళ్ళలేదో చెప్పే పద్దు ఆ దుకాణంలో లేదు, అంతే.

ఆ పద్దు పేరు "రీఫండ్ బాకీ" అని పెట్టుకోండి. క్రెడిట్ నోట్ రాసిన క్షణాన అమ్మకం రూ.2,700, పన్ను రూ.135 తగ్గి, ఈ పద్దులో రూ.2,835 మనం ఇవ్వాల్సిన బాకీగా నిలుస్తుంది. డబ్బు వెళ్ళినప్పుడు, నగదైనా యూపీఐ అయినా, ఈ బాకీ తీరుతుంది. యూపీఐ ఆదేశం పంపేముందే దానికి మన సొంత నంబరు ఒకటి ఇచ్చి "పంపాం, ఫలితం తెలియదు" అని రాసుకోవాలి. ఆ స్థితిలో ఉన్నంతసేపు ఆ మొత్తానికి నగదు ఇవ్వడాన్ని ప్రోగ్రామ్ ఒప్పుకోకూడదు. మళ్ళీ ప్రయత్నించినా అదే నంబరుతో అడగాలి, కొత్త నంబరుతో కాదు. విఫలమైందని ఖాయంగా తెలిశాకే బాకీ మళ్ళీ తెరుచుకోవాలి. రాత్రి దుకాణం మూసేముందు ఈ పద్దు నిల్వ చూడండి. మిగిలి ఉన్నది సరిగ్గా ఇంకా తేలని రీఫండ్ల మొత్తమై ఉండాలి. ఏ క్రెడిట్ నోట్ దగ్గరైనా నిల్వ సున్నా కిందికి పోయిందంటే రెండుసార్లు ఇచ్చినట్టే. మన కథలో అక్కడ మైనస్ 2,835 కనిపించి ఉండేది. మర్నాడే ఫోను చేసి ఆవిడను అడగగలిగేవాళ్ళు.

యజమాని సొంత ఫోను నుంచి డబ్బు పంపే అలవాటు కూడా మానాలి. అది దుకాణం ఖాతాలో ఎప్పటికీ కనబడదు. తప్పనిసరై పంపితే ఆ బాకీని యజమాని ఖాతాకు మార్చాలి, బ్యాంకుకు కాదు.

బ్యాంకు వైపు ఇంకో గుంట ఉంది. రీఫండ్లు మినహాయించుకుని మిగతాది జమ చేసే సేవలు ఉంటాయి. ఆ రోజు యూపీఐ అమ్మకాలు రూ.41,300 అనుకుందాం. రూ.2,835 పోగా ఖాతాలో పడేది రూ.38,465. పడినదాన్నే అమ్మకంగా రాసుకుంటే ఆ వాపసు అమ్మకంలోంచి రెండుసార్లు తగ్గుతుంది, జమలో ఒకసారి, క్రెడిట్ నోట్‌లో ఒకసారి. వసూలు 41,300, రీఫండు 2,835 అని రెండు వరసలుగా రాసి, వాటి తేడా బ్యాంకు జమతో కలవాలని చూడండి.

సరుకు సంగతి కౌంటర్‌కు వదిలేయకండి. క్రెడిట్ నోట్ రాసినంత మాత్రాన చీర అమ్మకానికి సిద్ధమైనట్టు కాదు. ఫాల్ కుట్టించారేమో, జాకెట్ ముక్క కోశారేమో, అత్తరు వాసన ఉందేమో చూడాలి. వచ్చిన చీర "పరిశీలన" అనే వేరే నిల్వలోకి వెళ్ళాలి, చూశాకే అరలోకి. దాని విలువ కొన్న ధరే, రూ.1,900కు కొంటే రూ.1,900. పాడైందని తేలితే ఆ నష్టాన్ని సరుకు నష్టంగా విడిగా రాయాలి. అమ్మకంలోంచి ఇంకోసారి కోయకూడదు.

ఇంత శ్రమ ఎందుకని కొందరు గోడ మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని రాయించి కూర్చుంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. బోర్డు పెట్టినంత మాత్రాన ఆ బాధ్యత పోదు. పోగులు లేచిన చీరను ఆవిడ నెత్తిన రుద్దడం వ్యాపారమా?

ఇప్పుడు అదే బిల్లుకు లెక్క సరిచూడండి. అమ్మకం 7,500లో 2,700 పోతే 4,800, పన్ను 375లో 135 పోతే 240. రెండూ కలిపి రూ.5,040. డబ్బు వైపు 7,875 వచ్చి 2,835 వెళ్ళాలి, మిగిలేది అదే 5,040. రెండోసారి ఇచ్చిన నగదు ఇందులో కలవదు, ఆవిడ తిరిగి ఇచ్చేదాకా అది ఆవిడ దగ్గర మనకు రావాల్సిన బాకీ. సరుకు వైపు మూడు వెళ్ళి ఒకటి వచ్చింది. ప్రతి బిల్లుకూ ఈ సరిచూపు ప్రోగ్రామే రోజూ చేసి, తేడా ఉన్నవాటిని మాత్రమే మీ ముందు పెట్టాలి.

ఆవిడ వారం తర్వాత పోగులు లేచిన ఆ మూడో చీర కూడా వద్దని తెచ్చారనుకోండి. ఆ చీరకు ఆవిడ కట్టింది రూ.1,312.50, అందులో రూ.210 ఇదివరకే ఇచ్చేశాం. కాబట్టి ఇవ్వాల్సింది రూ.1,102.50. చీటీ మీద ఉన్న 1,400 అని కుర్రాడు కొట్టబోతే ప్రోగ్రామ్ అక్కడికక్కడే కాదనాలి.