ఏడాదికి 3,600 యూనిట్లు వాడే ఇంటికి ఎన్ని కిలోవాట్ల సోలార్ కావాలి?

ప్రశ్న: "మాది నల్గొండ టౌన్. పోయిన 12 నెలల బిల్లులు కలిపితే 3,600 యూనిట్లు, అందులో ఒక్క మే నెలే 470. సోలార్ పెట్టే ఆయన 5 కిలోవాట్లు తప్పనిసరి అంటున్నాడు. ఇక్కడ రోజుకు 9 గంటలు ఎండ కదా అని నేను లెక్కేస్తే కిలోవాట్ పైన కొంచెం ఉంటే చాలని వస్తోంది. ఏది నిజం?"

రెండూ కాదండీ. మీకు కావాల్సింది దాదాపు రెండున్నర కిలోవాట్లు. ఆయన మే నెలను పట్టుకుని లెక్క పెంచారు, మీరు ఎండ గంటలను పట్టుకుని తగ్గించారు. మాది మహబూబ్‌నగర్, మేడ మీద 3 కిలోవాట్లు నడుస్తున్నాయి. పెట్టించే ముందు నేనూ మీలాగే 9 గంటలతో భాగించి చూసుకున్నాను కాబట్టి ముందు ఆ సంగతే చెప్తాను.

ప్యానెల్ మీద 540 వాట్లు అని రాసి ఉంటుంది కదా. చదరపు మీటరు మీద 1,000 వాట్ల ఎండ పడుతూ, ప్యానెల్ లోపలి వేడి 25 డిగ్రీలు ఉన్నప్పుడు వచ్చే పవర్ అది. పొద్దున ఎనిమిదికి కూడా ఎండే, కానీ దాని బలం ఇందులో మూడో వంతు కూడా ఉండకపోవచ్చు. అందుకని రోజంతా పడిన ఎండను కలిపి, అది ఎన్ని గంటల పూర్తి ఎండకు సమానమో చూస్తారు. దాన్నే పీక్ సన్ అవర్స్ అంటారు. మన నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు ఏడాది సగటు 5.2 దగ్గర పెట్టుకోవచ్చు. ఏప్రిల్, మేలలో 6 దాటుతుంది. జులై, ఆగస్టు మబ్బుల్లో నాలుగున్నర దాకా పడిపోతుంది. మీరు వేసుకున్న 9 గంటలు సూర్యుడు కనిపించే గంటలు. లెక్కకు పనికొచ్చేవి ఈ 5.2 గంటలే.

ఆ ఎండంతా కరెంటుగా మారి మీటరు దాకా రాదు. వేడికి కొంత, దుమ్ముకు కొంత, ఇన్వర్టర్లో, వైర్లలో కొంత పోతుంది. అన్నీ పోగా 77 శాతం మిగులుతుందని నేను వేసుకుంటాను. మన దగ్గర అన్నిటికన్నా ఎక్కువ తినేది వేడే. మేలో మధ్యాహ్నం ప్యానెల్ వేడి 65 డిగ్రీల దాకా వెళ్తుంది. 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి 0.35 శాతం చొప్పున పవర్ తగ్గుతుంది కాబట్టి, 40 డిగ్రీలు పెరిగితే 14 శాతం అక్కడే పోయినట్టు. మా ఇంట్లో ఎక్కువ యూనిట్లు వచ్చిన రోజులన్నీ మార్చిలోవే, మేలోవి కావు. మొదటి ఏడాది అది చూసి ఏదో పాడైందనుకుని టెన్షన్ పడ్డాను.

ఇప్పుడు మీ లెక్క:

```
kW = 3600 ÷ (365 × 5.2 × 0.77)
   = 2.46
```

5.2ను 0.77తో గుణిస్తే 4 వస్తుంది. అంటే కిలోవాటుకు రోజుకు 4 యూనిట్లు. ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు, ఎవరు కొటేషన్ ఇచ్చినా అక్కడికక్కడే సరిచూసుకోవచ్చు. ఇంకో చోట కూడా చూసుకోవాలనుకుంటే PVGIS అనే ఉచిత వెబ్‌సైట్లో మ్యాప్ మీద మీ ఇంటిని నొక్కి, 1 కిలోవాట్ ఇస్తే ఏడాదికి ఎన్ని యూనిట్లో చెప్తుంది.

కొనేటప్పుడు కిలోవాట్లలో కాకుండా ప్యానెళ్లలో ఆలోచించండి, ఎందుకంటే సగం ప్యానెల్ ఎవరూ అమ్మరు. 540 వాట్ల ప్యానెల్ ఒక్కటి ఏడాదికి దాదాపు 790 యూనిట్లు ఇస్తుంది. మీ 3,600కు నాలుగున్నర ప్యానెళ్లు పడతాయి, అంటే ఐదు. ఐదింటికి 2.7 కిలోవాట్లు, ఏడాదికి 3,900 పైచిలుకు యూనిట్లు. ప్యానెళ్లు ఏటా కొద్దికొద్దిగా బలం తగ్గుతాయి, ఆ పైన ఉన్న 300 యూనిట్లు దానికి సరిపోతాయి.

వచ్చే ఎండాకాలానికి ఏసీ కొనే ఆలోచన ఉంటే ఇప్పుడే లెక్కలో కలపండి. టన్నున్నర ఇన్వర్టర్ ఏసీ రాత్రికి ఎనిమిది గంటలు నడిస్తే ఆరు యూనిట్ల దాకా కాలుతుంది. వంద రాత్రులకు 600 యూనిట్లు. మొత్తం 4,200 అవుతుంది, అప్పుడు ఆరో ప్యానెల్ కావాలి. ఇంకో మాట, మీ 12 బిల్లుల్లో ఇల్లు తాళం వేసి ఊరెళ్లిన నెల ఏదైనా ఉంటే ఆ నెలకు అంతకు ముందు ఏడాది బిల్లు పెట్టుకోండి.

మరి 5 కిలోవాట్లు ఎక్కడి నుంచి వచ్చాయి? మే నెల 470ని 30తో భాగిస్తే రోజుకు 15.7 యూనిట్లు. దాన్ని 4తో భాగిస్తే 3.9. దాన్ని అట్లే పైకి తోసి 5 అని ఉంటారు. బ్యాటరీ మీద మాత్రమే నడిచే ఇల్లయితే గడ్డు నెలను పట్టుకుని లెక్కేయడం సరైన పద్ధతే. మీకు నెట్ మీటర్ ఉంటుంది. జనవరి, ఫిబ్రవరిలో మిగిలి గ్రిడ్‌లోకి పోయిన యూనిట్లు మీ ఖాతాలో జమై, మేలో తక్కువ పడినప్పుడు తీసేస్తారు. అందుకే ఏడాది మొత్తం పట్టుకోవాలి. ఐదు ప్యానెళ్లతో మే నెలలో ఓ వంద యూనిట్లు తక్కువ పడతాయి, పడనివ్వండి. అయితే ఈ జమ ఎప్పటికీ ఉండదు. సెటిల్‌మెంట్ గడువు రాగానే మిగిలిన యూనిట్లకు డబ్బు కడతారు, ఆ రేటు మనం కరెంటు కొనే రేటు కన్నా బాగా తక్కువ. ఆ గడువు ఏ నెలలో పడుతుందో మీ కరెంటు ఏఈ ఆఫీసులో ముందే అడిగి పెట్టుకోండి.

5 కిలోవాట్లు పెడితే ఏడాదికి 7,300 యూనిట్లు వస్తాయి, మీరు వాడేది అందులో సగమే. మిగతా సగం ఆ తక్కువ రేటుకు పోవాల్సిందే. పీఎం సూర్యఘర్ సబ్సిడీ కూడా 3 కిలోవాట్లకే ఆగిపోతుంది. మొదటి రెండు కిలోవాట్లకు 30 వేల చొప్పున, మూడో దానికి 18 వేలు, మొత్తం 78 వేలు. 5 పెట్టినా అదే 78 వేలు. పైన పెట్టే రెండు కిలోవాట్ల ఖర్చంతా మీ జేబులోంచే.

ఇప్పటిదాకా చెప్పిన లెక్కంతా ఒక్క షరతు మీద నిలబడుతుంది. ప్యానెల్ మీద నీడ పడకూడదు. నేను దెబ్బ తిన్నది ఇక్కడే, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మా ఇంటికి సర్వేకి వచ్చింది మే నెలలో, మిట్టమధ్యాహ్నం. ఆ రోజుల్లో మన దగ్గర సూర్యుడు సరిగ్గా నెత్తి మీద ఉంటాడు, నిలబడితే మన నీడ కాళ్ల కిందే ఉంటుంది. మెట్ల గది మేడకు ఆగ్నేయం మూలలో ఉంది. దాని నీడ గోడ దాటి రాలేదు. ఆరడుగులు వదిలి ప్యానెళ్లు బిగించారు. ఆరు నెలలు బాగా నడిచింది. నవంబర్ చివర ఫోన్ యాప్‌లో రోజు యూనిట్లు 9కి పడిపోయాయి. ఆకాశంలో మబ్బు లేదు, 3 కిలోవాట్లకు 12 రావాలి. బిగించిన వాళ్లకు ఫోన్ చేస్తే "చలికాలం సార్, అంతే ఉంటది" అన్నారు.

యాప్‌లో ఆ రోజు గ్రాఫ్ తెరిచి చూశాను. మంచి రోజు గ్రాఫ్ గుట్టలాగా మెల్లగా లేచి మెల్లగా దిగుతుంది. మాది పది దాకా నేల మీద పాకి, ఒక్కసారిగా మెట్టులాగా లేచింది. నిజంగా ఎండ తగ్గితే గుట్ట మొత్తం పొట్టిదవుతుంది కానీ మెట్టు రాదు. మర్నాడు పొద్దున ఎనిమిదికి సుద్దముక్క పట్టుకుని మేడెక్కాను. అరగంటకోసారి మెట్ల గది నీడ అంచు వెంట గీత గీశాను. ఎనిమిదికీ ఎనిమిదిన్నరకీ రెండు ప్యానెళ్లు పూర్తిగా నీడలో ఉన్నాయి. తొమ్మిదిన్నరకు ఒక ప్యానెల్ మూల మీద జానెడు నీడ మిగిలింది, అయినా పవర్ లేవలేదు. ప్యానెళ్లన్నీ ఒకే వరుసగా, ఒకదాని వెంట ఒకటి కలిపి ఉంటాయి. ఒకటి నీడలో ఉంటే దాని వంతు మాత్రమే పోతుందనుకుంటాం, కానీ మిగతావీ కుంటుపడతాయి. డిసెంబర్‌లో ఆ రెండు ప్యానెళ్లను విప్పించి పడమర చివరకు మార్పించాం. స్ట్రక్చర్‌కూ కూలీకీ మళ్లీ డబ్బులు పెట్టాల్సి వచ్చింది. మర్నాటి నుంచే 12 రావడం మొదలైంది.

మీరు డిసెంబర్ దాకా ఆగక్కర్లేదు, టేపు చాలు. నల్గొండలో డిసెంబర్ మూడో వారంలో మధ్యాహ్నం నీడ, ఎత్తులో దాదాపు 85 శాతం పొడవుంటుంది, ఉత్తరం వైపు పడుతుంది. పొద్దున తొమ్మిదికి ఎత్తుకు 1.7 రెట్లు, వాయవ్యం వైపు. మధ్యాహ్నం మూడుకు అంతే పొడవు, ఈశాన్యం వైపు. మెట్ల గది ఎనిమిది అడుగులుండి ప్యానెళ్లు నేల నుంచి మూడడుగులు లేచి ఉంటే, లెక్కకొచ్చే ఎత్తు ఐదడుగులు. దానికి 1.7 రెట్లు, అంటే ఎనిమిదిన్నర అడుగులు. మాకు వదిలింది ఆరు. నీళ్ల ట్యాంకుకు, పక్కింటి రెండో అంతస్తుకు, కొబ్బరి చెట్టుకు కూడా ఇట్లే కొలవండి. పక్క ప్లాటు ఖాళీగా ఉంటే రేపు అక్కడ లేచే ఇల్లు కూడా మనసులో పెట్టుకోండి.

దుమ్ము సంగతి కూడా చూసుకోండి. మిర్యాలగూడలో రైస్ మిల్లుల దగ్గర ఉండే మా చెల్లెలి ఇంట్లో ఊక బూడిద పడి వారానికే ప్యానెల్ మసకబారుతుంది. మీ నల్గొండ బోరు నీళ్లతో మాత్రం కడగకండి. ఆ గట్టి నీళ్లు ఆరాక తెల్లటి మచ్చలు కట్టి, తర్వాత బట్టతో రుద్దినా పోవు. నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లు వాడండి, అదీ ప్యానెల్ వేడెక్కక ముందు, తెల్లవారుజామున.

కరెంటు పోయినప్పుడు ఈ సిస్టమ్ కూడా ఆగిపోతుంది, పట్టపగలైనా సరే. లైన్ మీద పనిచేసే వాళ్లకు షాక్ కొట్టకుండా ఇన్వర్టర్ తనంతట తాను ఆఫ్ అవుతుంది. ఇంట్లో ఇప్పుడున్న బ్యాటరీ ఇన్వర్టర్‌ను అమ్మేయకండి.

మీకైతే ఏసీ లేకుంటే ఐదు ప్యానెళ్లు, ఉంటే ఆరు. ఆరుకు 170 చదరపు అడుగుల ప్యానెల్ వస్తుంది, చుట్టూ నడిచి కడగడానికి దారి కలిపితే 300 దాకా కావాలి. మెట్ల గది ఎత్తు, ట్యాంకు ఎత్తు, అవి మేడకు ఏ దిక్కున ఉన్నాయో కొలిచి ఇక్కడ రాయండి, ప్యానెళ్లు ఎంత దూరంలో మొదలుపెట్టాలో చూసి చెప్తాను.