పెళ్లి ఫొటోగ్రాఫర్‌కి ఒక్క స్టార్ ఇస్తే లాయర్ నోటీసు వచ్చింది

ప్రశ్న: సార్, ఫిబ్రవరి 20న గుంటూరులో మా పెళ్లయింది. ఫొటోగ్రాఫర్‌తో లక్షా ఎనభై వేలకి ప్యాకేజీ మాట్లాడుకుని లక్షన్నర కట్టేశాం. 90 రోజుల్లో ఆల్బమ్ అన్నాడు, ఏడు నెలలైనా రాలేదు. డ్రోన్ తేలేదు, జీలకర్ర బెల్లం టైంలో ఒక్క మంచి ఫొటో లేదు, మా పిన్నిని అందరి ముందూ కసిరాడు. కోపంలో గూగుల్‌లో ఒక్క స్టార్ ఇచ్చి 'దొంగ, ఫ్రాడ్' అని రాశా. ఇప్పుడు 5 లక్షల పరువు నష్టం నోటీసు పంపాడు. రివ్యూ తీసేయాలా?

జవాబు: తీసేయక్కర్లేదమ్మా, మార్చండి. మార్చే ముందు ఇప్పుడున్నది తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఎప్పుడేం రాశారో రేపు మీరే చెప్పాల్సి వస్తుంది.

మీ రివ్యూలో చిక్కంతా ఆ రెండు మాటలతోనే. దొంగ, ఫ్రాడ్ అంటే నేరం చేశాడని అన్నట్టు, అది మీరు రుజువు చెయ్యలేరు, ఎందుకంటే అతను వచ్చాడు, ఫొటోలు తీశాడు, పని సగం చేశాడు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ పరువు నష్టాన్ని నేరంగానే చూస్తుంది, కానీ జనం మేలు కోసం చెప్పిన నిజానికీ, పక్కవాళ్లు జాగ్రత్తపడాలని మంచి ఉద్దేశంతో చెప్పిన మాటకీ అందులోనే మినహాయింపులున్నాయి. అందుకని తిట్టు తీసేసి జరిగింది పెట్టండి, ఇలా: "ఫిబ్రవరి 20 పెళ్లి. ఆల్బమ్ 90 రోజుల్లో, అంటే మే 21కి ఇస్తామన్నారు, ఈ రోజుకీ ఇవ్వలేదు. ప్యాకేజీలో డ్రోన్ రాసుంది, పెళ్లి రోజు తేలేదు. జీలకర్ర బెల్లం ఫొటోల్లో మా మొహాలకి పురోహితుడి చెయ్యి అడ్డొచ్చింది. ఎడిటింగ్‌లో చర్మం మరీ నున్నగా చేశారు, మాకు నచ్చలేదు." చివరిది మీ అభిప్రాయం, దాన్ని అభిప్రాయంలాగే రాయాలి, మిగతావన్నీ కాగితం మీద చూపించగలిగినవి. టీజర్ బాగుంటే అదీ రాయండి, కక్షతో రాయలేదని తెలుస్తుంది.

పిన్ని విషయంలో 'రౌడీలా ప్రవర్తించాడు' అనొద్దు. తలంబ్రాల టైంలో పక్కకి జరగమని గట్టిగా అరిచాడు అంటే చాలు, పక్కనున్న ఇద్దరు సాక్షులుంటారు. నిజం చెప్పాలంటే కేసులో దీనికి పెద్ద బరువుండదు, రివ్యూ చదివేవాళ్లకి మాత్రం బాగా పనికొస్తుంది.

ఇక నోటీసు. అందులో ఇచ్చిన గడువు లోపల జవాబివ్వండి, ఊరుకుంటే ఒప్పుకున్నట్టు వాదిస్తారు. ఆ జవాబులోనే మీ లెక్క కూడా పెట్టేయండి. నేనైతే ప్యాకేజీ కాగితం, అది పీడీఎఫ్ అయినా వాట్సాప్ మెసేజ్ అయినా, ముందేసుకుని ఒక్కో ఐటెం పక్కన 'ఇచ్చాడు', 'ఇవ్వలేదు', 'ఆలస్యం' అని రాసుకుంటా. ఆ డ్రోన్‌కి కొటేషన్‌లో విడిగా 12 వేలని ఉందనుకోండి, అది నేరుగా తగ్గించమని అడగొచ్చు, విడిగా రేటు లేకపోతే ఎంత తగ్గించాలన్నది వాదనకొస్తుంది. మీ దగ్గరున్న 30 వేలు మాత్రం ఊరికే ఆపేశారని అతని లాయర్ అంటాడు, కాబట్టి 'ఆల్బమ్ ఇచ్చిన రోజు, డ్రోన్ రేటు పోను మిగతాది కడతాం' అని రాతలో పెట్టండి, అప్పుడు ఆలస్యం అతని నెత్తినే ఉంటుంది.

15 రోజులిచ్చి చూడండి. కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మాట ఇచ్చిన సేవ సరిగా చెయ్యకపోవడం సేవాలోపం, ఫొటోగ్రాఫర్ విజయవాడ వాడైనా మీరుండే గుంటూరులోనే వెయ్యొచ్చు, మీరు కట్టింది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు కూడా ఉండదు. లాయర్ లేకుండా మీరే వేసుకోవచ్చు (నా పొట్ట మీద నేనే కొట్టుకుంటున్నా). గొడవ మొదలైన రోజు నుంచి రెండేళ్ల లోపు వెయ్యాలి. ఆల్బమ్, తగ్గింపు, మనోవేదనకి పరిహారం, ఖర్చులు అడగండి. జీలకర్ర బెల్లం మళ్లీ పెట్టించి ఫొటో తీయించుకోలేం కదా, మనోవేదన కింద ఆ పాయింటే గట్టిగా రాయాలి. 'కలర్ బాలేదు' అని మాత్రం మొదటి పేరాలో రాయకండి, రుచి గురించి వాదన మొదలైతే తేలదు, ముందు తేదీలు, లేని ఐటెంలు రావాలి.

వాట్సాప్‌లో మెసేజ్‌లు వాటంతటవే పోయే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే ఈ రాత్రికే తీసేసి చాట్ ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. అవి సాక్ష్యంగా పెట్టాలంటే, ఏ ఫోన్‌లోంచి ఎలా తీశారో చెప్పే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జత చెయ్యాలి, అందుకని ఆ ఫోన్ మార్చకండి, అమ్మకండి.

నోటీసు జవాబులో ఇంకో లైన్ చేర్చండి: ఎడిట్ చెయ్యని ఫొటోలన్నీ హార్డ్ డిస్క్‌లో ఇమ్మని, గొడవ తేలేదాకా ఏదీ చెరపొద్దని. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోల కాపీరైట్, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం తీయించుకున్నవాళ్లదే. మీ ప్యాకేజీ కాగితం కింద చిన్న అక్షరాల్లో దీనికి ఎదురుగా ఏమన్నా రాసుందేమో చూసి, ఆ పేజీ ఫొటో తీసి నాకు పంపండి.