అమ్మమ్మ గాజుల లెక్క: సవరన్లలో కాదు, గ్రాముల్లో

ప్రశ్న: చెన్నైలో ఉండే మా అమ్మమ్మకి వాళ్లమ్మ ఇచ్చిన బంగారు గాజులున్నాయి. అన్నీ బీరువాలోనే, లెక్కంతా ఆవిడ నోట్లోనే. నొచ్చుకోకుండా జాగ్రత్త చేయించడం ఎలా?

మాదీ అదే కథ. ఎదురుగా చెబితే "నన్ను దొంగలా చూస్తున్నావా" అంటుందని ఉత్తరం రాశాను. ఇంటి సంగతులు తీసేసి ఇక్కడ పెడుతున్నా.

అమ్మమ్మా,

నా పెళ్లికి నీ నాలుగు నగిషీ గాజులు మెరుగు పెట్టించాం, గుర్తుందా? కొట్లో "ఆరు సవరన్లు" అని చెప్పి ఇచ్చాం. తిరిగొచ్చాక తూస్తే 48.10 గ్రాములు. ఆరు సవరన్లంటే 48 గ్రాములే కదా, సరిపోయిందనుకున్నాం. తర్వాత నీ ట్రంకు పెట్టెలో పాత తాకట్టు రసీదు దొరికింది. అందులో అవే గాజులు 49.75. మెరుగుకి కొంత అరుగుతుంది, కానీ గ్రామున్నర పైనా? అడగడానికి మన దగ్గర ఇచ్చిన రోజు తూకం లేదు.

అందుకే ఈసారి నేనొచ్చినప్పుడు ఒక్కో గాజూ విడిగా తూద్దాం. వంటింటి త్రాసు పనికిరాదు, గ్రాములో నూరో వంతు చూపించే చిన్న త్రాసు తెస్తాను. ముందు ఒకే నాణెం మూడుసార్లు పెట్టి చూద్దాం, మూడుసార్లూ ఒకే అంకె రావాలి. రాళ్ల గాజుల దగ్గర "రాళ్లతో కలిపి" అని రాద్దాం, లేకపోతే రేపెవరైనా అదంతా బంగారమే అనుకుంటారు.

త్రాసు మీద అంకె కనబడేలా ఒక ఫొటో, గాజు లోపలి వైపు ఇంకో ఫొటో. ఈ రెండోదే ముఖ్యం. పాత గాజులకి హాల్‌మార్క్ ఉండదు కాబట్టి అతుకు, సొట్ట, అరుగుదలే గుర్తులు. నీ ఎడమచేతి గాజుకి అతుకు పక్కన గోటిగాటు లాంటి గీతుంది చూడు, అలాంటివి రాసుకోవాలి. ఎవరిచ్చారన్నది నువ్వే చెప్పాలి, అది ఏ త్రాసుకీ తెలీదు.

ఆ కాగితం మాత్రం గాజులతో పెట్టకు. పోతే రెండూ కలిసే పోతాయి. ఒకటి నీ దస్తావేజుల్లో, ఒకటి నా దగ్గర. ఫ్యామిలీ గ్రూప్‌లో ఫొటోలు వద్దు, మావయ్య అడిగినా సరే.

రోజూ వేసుకునే రెండు ఉంచుకుని మిగతావి లాకర్లో పెడదాం. లోపల ఏముందో బ్యాంకు రాసుకోదు. దొంగతనం జరిగినా, అక్కడి ఉద్యోగే మోసం చేసినా బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకి 100 రెట్లే. అద్దె 3,000 అయితే 3 లక్షలు, అంతే. మన కాగితం అందుకూ కావాలి. నామినీ పేరు నువ్వెవరిదంటే వాళ్లదే.

ఉత్తరం అందాక వారం మాట్లాడలేదు. తర్వాత తనే ఫోన్ చేసి, "ఆ త్రాసు ఎప్పుడు తెస్తావు, ముక్కుపుడకలూ తూయాలి" అంది.