తిప్పి వాల్చడం వేరు, వాల్చి తిప్పడం వేరు: మ్యాట్రిక్స్‌లను అలా ఎందుకు గుణిస్తారు?

ప్రశ్న: మారతహళ్ళిలో పీజీలో ఉంటూ జాబ్‌తో పాటు వీకెండ్ కోర్సు చేస్తున్నా. ఒక బొమ్మని ముందు 90 డిగ్రీలు తిప్పి, తర్వాత పక్కకి వాల్చాలి. `R * S` అని రాస్తే బొమ్మంతా ఒక గీత అయిపోయింది. `R @ S` అంటే బొమ్మ వచ్చింది గానీ ఇంకోలా వాలింది. డిటర్మినెంట్ చూస్తే సరిగ్గానే ఉంది. అసలు అడ్డం, నిలువు కలిపి ఆ వింత పద్ధతిలో ఎందుకు గుణించాలి?

జవాబు:

`S @ R` అని రాయండి, మీ బొమ్మ సరిపోతుంది. కారణం తెలియాలంటే మాత్రం గుణకారం సూత్రాన్ని కాసేపు మర్చిపోయి, కాలమ్‌ల దగ్గర మొదలుపెట్టాలి.

ప్లేన్ మీద లీనియర్ మ్యాప్ గురించి 2×2 మ్యాట్రిక్స్ చెప్పేది రెండే సంగతులు: (1,0) ఎక్కడికి పోతుంది, (0,1) ఎక్కడికి పోతుంది. మొదటిది మొదటి కాలమ్, రెండోది రెండో కాలమ్. మిగతా బిందువుల గురించి వేరే చెప్పనక్కర్లేదు. (x,y) అంటే x సార్లు (1,0), y సార్లు (0,1) కలిపినదే కదా. మ్యాప్ లీనియర్ కాబట్టి జవాబు కూడా x సార్లు మొదటి కాలమ్, y సార్లు రెండో కాలమ్ కలిపితే వస్తుంది. (బొమ్మని పక్కకి జరపడం ఈ లెక్కలోకి రాదు. (0,0) కదిలిపోతుంది కాబట్టి 2×2కి అది పట్టదు, అందుకే గ్రాఫిక్స్ వాళ్ళు 3×3 వాడతారు.)

మీ రెండు మ్యాప్‌లు ఇవి:

```python
import numpy as np
R = np.array([[0, -1], [1, 0]])   # 90 డిగ్రీలు ఎడమకి తిప్పడం
S = np.array([[1, 1], [0, 1]])    # x కి y కలిపి పక్కకి వాల్చడం
```

ఇప్పుడు ముందు R, తర్వాత S చేస్తే (1,0) ఏమవుతుందో చూద్దాం. R దాన్ని (0,1) దగ్గర నిలబెడుతుంది. S ఆ (0,1)ని (1,1)కి తోస్తుంది. అలాగే (0,1)ని R (-1,0)కి పంపుతుంది, S దాన్ని కదపదు, ఎందుకంటే అక్కడ y సున్నా. అంటే రెండూ కలిపిన మ్యాప్‌కి కాలమ్‌లు (1,1), (-1,0). మ్యాట్రిక్స్ ఇంతే:

```
SR = [[1, -1],
      [1,  0]]
```

ఇంతవరకూ గుణకారం అన్న మాటే రాలేదు, బిందువులు ఎటు పోయాయో చూశాం అంతే. ఇప్పుడు మీరడిగిన అడ్డం-నిలువు సంగతి. R మొదటి కాలమ్‌ని (a,c) అనుకోండి. దాని మీద S పనిచేస్తే, పైన చెప్పినట్టే, a సార్లు S మొదటి కాలమ్, c సార్లు S రెండో కాలమ్ కలుస్తాయి. ఈ మొత్తంలో పై అంకె కావాలంటే S కాలమ్‌లు రెండింటి పై అంకెలే కావాలి. ఆ రెండూ S పై అడ్డు వరుసలో పక్కపక్కనే ఉన్నాయి. కాబట్టి ఎడమ మ్యాట్రిక్స్ అడ్డు వరుసని కుడి మ్యాట్రిక్స్ నిలువు వరుసతో గుణించి కూడుతున్నాం. మన కేసులో a=0, c=1, S పై వరుస 1, 1. 0·1 + 1·1 = 1, అదే SRలో మొదటి అంకె. ఆ సూత్రాన్ని ఎవరో ముందు కనిపెట్టి తర్వాత మ్యాప్‌లకి తగిలించలేదు. 1858లో గణిత శాస్త్రవేత్త ఆర్థర్ కేలీ మ్యాట్రిక్స్ గుణకారాన్ని నిర్వచించినప్పుడు కూడా, ఒక ప్రతిక్షేపణ తర్వాత ఇంకోటి చేస్తే ఏమొస్తుందన్న లెక్క నుంచే తీసుకున్నాడు.

ఇక `*` సంగతి. numpyలో అది ఏ గడికి ఆ గడి గుణిస్తుంది. మీ R, Sలకి వచ్చేది `[[0, -1], [0, 0]]`. మొదటి కాలమ్ (0,0), అంటే (1,0) వెళ్ళి సున్నాలో కలిసిపోయింది. (x,y) ఏదైనా (-y,0) అవుతుంది, బొమ్మంతా x అక్షం మీద పడి గీతైపోతుంది. తిప్పడం గానీ వాల్చడం గానీ వైశాల్యాన్ని మార్చవు. అవి రెండూ కలిసి బొమ్మని చదును చేశాయంటే అది వాటి కలయిక కానే కాదు.

వరుస తారుమారైతే ఏమవుతుందో గ్రాఫ్ పేపర్ మీద గీసి చూడండి. (0,0), (1,0), (1,1), (0,1) మూలలున్న చదరం తీసుకోండి. SR తర్వాత ఆ మూలలు (0,0), (1,1), (0,1), (-1,0) దగ్గర ఉంటాయి. పై అంచు, కింది అంచు అడ్డంగానే ఉన్నాయి, పక్క అంచులు వాలాయి. మీకు కావలసింది ఇదే. RS, అంటే ముందు వాల్చి తర్వాత తిప్పితే, అవే మూలలు (0,0), (0,1), (-1,2), (-1,1) అవుతాయి. ఇప్పుడు పక్క అంచులు నిట్టనిలువుగా ఉండి, పై అంచు, కింది అంచు ఏటవాలుగా మారాయి. వాల్చిన తర్వాత తిప్పారు కాబట్టి ఆ వాలు కూడా బొమ్మతో పాటు తిరిగిపోయింది.

మీరు డిటర్మినెంట్‌ని నమ్మి మోసపోయారు, అందులో మీ తప్పేం లేదు. SR డిటర్మినెంట్ 1, RS డిటర్మినెంట్ కూడా 1, ఎందుకంటే అవి రెండు మామూలు అంకెల లబ్ధాలు, అంకెలకి వరుసతో పనిలేదు. ట్రేస్ చూద్దామంటే అదీ రెండింటికీ 1. చివరికి ఆరుసార్లు వరసగా చేస్తే SR, RS రెండూ బొమ్మని మొదటి స్థితికే తెస్తాయి! RS అంటే R·(SR)·R⁻¹ కాబట్టి ఇలాంటి పరీక్షలేవీ రెండింటినీ విడదీయలేవు. రెండు భ్రమణాలతో పరీక్షించినా తప్పు బయటపడదు, మూలబిందువు చుట్టూ తిప్పడాలు ఏ వరుసలో చేసినా ఒకటే. కోర్సుల్లో మొదటి ఉదాహరణగా వాటినే ఇస్తారు, అక్కడే చాలామందికి వరుస పట్టింపు లేదన్న భ్రమ పుడుతుంది.

నమ్మదగిన పరీక్ష ఒక్కటే: ఒక బిందువుని చేత్తో నడిపించడం. (2,1) తీసుకోండి. R దాన్ని (-1,2) చేస్తుంది, S దాన్ని (1,2) చేస్తుంది. మీ కోడ్ (1,2) ఇస్తే సరే. (-1,3) వచ్చిందంటే వరుస తిరగబడింది. (-1,0) వస్తే ఎక్కడో `*` మిగిలిపోయింది. (3,-2) వచ్చిందంటే ట్రాన్స్‌పోజ్ మర్చిపోయారు. ఇది కాస్త వివరంగా చెప్పాలి.

బొమ్మ బిందువులన్నీ ఒక్కో వరుసలో ఒక్కటిగా, N×2 ఆకారంలో దాచుకోవడం మామూలే. అప్పుడు మ్యాట్రిక్స్ కుడివైపు వస్తుంది, కాబట్టి ట్రాన్స్‌పోజ్ చేయాలి:

```python
P = np.array([[2, 1]])
print(P @ (S @ R).T)     # [[1 2]]
print(P @ R.T @ S.T)     # [[1 2]]
print(P @ (S @ R))       # [[ 3 -2]]  తప్పు
```

రెండో `print` లైన్‌లో వరుస ఎడమ నుంచి కుడికి, చేసిన క్రమంలోనే చదువుకోవచ్చు. లబ్ధానికి ట్రాన్స్‌పోజ్ చేస్తే వరుస తిరగబడుతుంది, అందుకే. బిందువుని నిలువుగా రాస్తే దానికి దగ్గరగా, కుడి చివర ఉన్న మ్యాట్రిక్స్ ముందు పనిచేస్తుంది. అడ్డంగా రాస్తే ఎడమ చివర ఉన్నది ముందు. ఒక ఫైల్‌లో రెండు పద్ధతులూ కలపకండి.

ఇదే పని బ్రౌజర్‌లో చేయాల్సొస్తే `transform: skewX(45deg) rotate(90deg)` అని రాయాలి. అక్కడా కుడివైపున్న `rotate` ముందు పనిచేస్తుంది. దానికి సమానమైనది `matrix(1, 1, -1, 0, 0, 0)`, మొదటి నాలుగు అంకెలు మన SR కాలమ్‌లే. స్క్రీన్ మీద y కిందికి పెరుగుతుంది కాబట్టి బొమ్మ ఎడమకి కాక కుడికి తిరిగినట్టు కనిపిస్తుంది. దాన్ని చూసి అంకెలు మార్చకండి.