వారంటీ తీరాక వచ్చిన తగ్గింపు: సంతకానికి ముందు సెప్టెంబర్ ఫిర్యాదు తీయండి

ప్రశ్న: 2024 దీపావళి రోజున అనంతపురం టవర్ క్లాక్ దగ్గర 43 అంగుళాల ఎల్ఈడీ టీవీ 27,500 రూపాయలకు కొన్నాను. వారంటీ ఏడాది. 2025 డిసెంబర్ 6న బొమ్మ పోయింది, శబ్దం మాత్రం వస్తోంది. "వారంటీ ముగిసి 37 రోజులైంది కాబట్టి ఉచితంగా చేయలేము. ప్యానెల్ ధర 23,000లో 40 శాతం తగ్గిస్తాము. విజిట్, లేబర్ కలిపి 2,000, జీఎస్టీ వేరు" అని కంపెనీ మెయిల్ పంపింది. సెప్టెంబర్‌లో తెర కింది భాగం మసకబారితే ఒకసారి ఫిర్యాదు చేశాను. టెక్నీషియన్ వచ్చి పిక్చర్ సెట్టింగ్ మార్చి వెళ్లాడు. ఈ తగ్గింపుకు ఒప్పుకోమంటారా సార్?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఇప్పుడే ఒప్పుకోకండి. మీరు చివర్లో రాసిన సెప్టెంబర్ సంగతే ఈ వ్యవహారం మొత్తానికీ కీలకం. కంపెనీ మెయిల్‌లో దాని ప్రస్తావన లేదంటే, జవాబు రాసిన వారు డిసెంబర్ ఫిర్యాదును మాత్రమే చూసి లెక్క కట్టి ఉంటారు.

ముందుగా కంపెనీ పక్షాన ఒక మాట చెప్పాలి. వారంటీ అనేది తేదీతో ముడిపడిన ఒప్పందం. లోపం మొదటిసారి డిసెంబర్‌లోనే బయటపడి ఉంటే, గడువు దాటింది 37 రోజులే కదా అన్న వాదన ఒక్కటే ఉచిత మరమ్మతుకు చాలదు. అప్పుడు వారు కాదనడం తప్పు కాదు, తగ్గింపు ఇస్తామనడం వారి మంచితనమే. కానీ వారంటీ నడుస్తున్న రోజుల్లోనే ఒక లోపాన్ని మీరు తెలియజేసి, అది సరిగా నయం కాకుండా మిగిలిపోయి, గడువు తీరాక ముదిరితే, దాన్ని కొత్త ఫిర్యాదుగా లెక్కించడం న్యాయం కాదు. అప్పుడు చూడవలసింది మొదట ఫిర్యాదు చేసిన తేదీని. కాబట్టి సెప్టెంబర్‌లో మసకబారడం, డిసెంబర్‌లో బొమ్మ పోవడం ఒకే జబ్బుకు రెండు దశలా, లేక వేర్వేరు జబ్బులా అన్నది తేల్చుకోవాలి. దీనికి పనిముట్లు అక్కర్లేదు, ఫోన్‌లోని టార్చ్ లైటు చాలు.

ఎల్ఈడీ టీవీ తెరకు సొంత వెలుతురు ఉండదు. ముందున్న గాజు ప్యానెల్ బొమ్మను తయారు చేస్తే, దాని వెనుక పట్టీల మీద వరుసగా అమర్చిన చిన్న ఎల్ఈడీ దీపాలు ఆ బొమ్మను కంటికి కనిపించేలా చేస్తాయి. ఆ వెనుక వెలుతురునే మెకానిక్‌లు బ్యాక్‌లైట్ అంటారు. రాత్రి గదిలో దీపాలన్నీ ఆర్పి, టీవీలో ఏదైనా చానల్ పెట్టి, శబ్దం వస్తుండగా టార్చ్‌ను తెరకు బాగా దగ్గరగా, కాస్త ఏటవాలుగా పట్టి చూడండి. ఆ వెలుగు పడిన చోట బొమ్మలు లీలగా కదులుతూ కనిపిస్తే, రిమోట్‌తో మెనూ తెరిచినప్పుడు అక్షరాల నీడ కనిపిస్తే, మీ ప్యానెల్ బొమ్మను తయారు చేస్తూనే ఉందని అర్థం. పోయింది వెనుక దీపాల పట్టీలు కావచ్చు, లేదా వాటికి కరెంటు అందించే డ్రైవర్ భాగం కావచ్చు. టార్చ్ వేసినా ఏమీ కనిపించకపోతే లోపం ప్యానెల్‌లోనో, దానికి సంకేతం పంపే బోర్డులోనో ఉండవచ్చు. అప్పుడు నేను ఇకపై చెప్పేది మీ టీవీకి అంతగా వర్తించదు.

బొమ్మ లీలగా కనిపించిందనే అనుకుందాం, ఎందుకంటే మీరు చెప్పిన లక్షణాలు అటువైపే చూపుతున్నాయి. ఆ దీపాలను సాధారణంగా ఒకదాని వెంట ఒకటిగా, సిరీస్‌లో కలుపుతారు. ఒక పట్టీలో కొన్ని దీపాలు షార్ట్ అయితే కరెంటు వాటి గుండా సాగిపోతూనే ఉంటుంది, ఆ పట్టీ ఉన్న చోట మాత్రం తెర మసకబారుతుంది. మీకు సెప్టెంబర్‌లో కింది భాగంలో కనిపించింది ఇదే అయి ఉండవచ్చు. ఆ తరువాత ఏదో ఒక దీపం పూర్తిగా తెగిపోతే వరుస మొత్తానికి కరెంటు ఆగిపోతుంది, లోపాన్ని పసిగట్టిన డ్రైవర్ రక్షణ కోసం మిగిలిన వెలుతురును కూడా ఆపేస్తుంది. టీవీ ఆన్ చేయగానే తెర ఒక క్షణం వెలిగి ఆరిపోతోందేమో గమనించండి. అలా జరిగితే ఈ అనుమానం మరింత బలపడుతుంది. తెరలో ఒక మూల మాత్రమే మసకగా ఉంటే పిక్చర్ సెట్టింగ్ మార్చి ప్రయోజనం లేదు, ఎందుకంటే ఆ సెట్టింగ్ తెర మొత్తాన్నీ ఒకేలా మారుస్తుంది. ఆ రోజు వచ్చిన టెక్నీషియన్ వెనుక మూత తీసి చూడలేదన్నది మీ వాదనకు పెద్ద ఆధారం.

ఆ ఆధారం కాగితం మీద ఉండాలి. సెప్టెంబర్‌లో ఫిర్యాదు నమోదైనప్పుడు మీ ఫోన్‌కు నంబరుతో మెసేజ్ వచ్చి ఉంటుంది, టెక్నీషియన్ వచ్చి వెళ్లాక ఫిర్యాదు మూసేసినట్టు మరొకటి వచ్చి ఉంటుంది. జాబ్ షీట్ ఇచ్చి ఉంటే ఇంకా మంచిది. మెసేజ్ చెరిపేసినా కంగారు పడనక్కర్లేదు. టీవీ సీరియల్ నంబరు చెప్పి, ఆ నంబరు మీద నమోదైన ఫిర్యాదుల వివరాలన్నీ మెయిల్ చేయమని కస్టమర్ కేర్‌ను అడగండి. అవి చేతికి వచ్చాక కంపెనీ మెయిల్‌కే జవాబుగా ఇలా రాయవచ్చు:

"వారంటీ అమలులో ఉన్న 2025 సెప్టెంబర్‌లో, ఫలానా నంబరుతో, తెర కింది భాగం మసకబారడంపై ఫిర్యాదు చేశాను. వెనుక భాగం విప్పి పరిశీలించకుండానే దాన్ని మూసివేశారు. డిసెంబర్ 6న ఏర్పడిన లోపం దానికి కొనసాగింపు అని నా అభిప్రాయం. టార్చ్ వెలుగులో బొమ్మ కనిపిస్తోంది, కాబట్టి టీవీని విప్పి పరిశీలించి, లోపం బ్యాక్‌లైట్‌లో ఉందో ప్యానెల్‌లో ఉందో లిఖితపూర్వకంగా తెలియజేయండి. బ్యాక్‌లైట్‌దే అయితే మొదటి ఫిర్యాదు తేదీని బట్టి వారంటీలో మరమ్మతు చేయమని కోరుతున్నాను."

ఇందులో కోపపు మాట ఒక్కటీ లేదు, ఉండనక్కర్లేదు కూడా. పైఅధికారికి ఫైలు చేరినప్పుడు ఆయన చూసేది తేదీని, ఫిర్యాదు నంబరును.

ఈ జవాబు పంపే ముందు వారంటీ కార్డును ఒకసారి పూర్తిగా చదవండి. కొన్ని టీవీలకు ఏడాది వారంటీతో పాటు ప్యానెల్‌కు మాత్రం అదనపు కాలం ఇస్తారు. మీ కార్డులో అలాంటి వాక్యం ఉంటే, పోయింది ప్యానెలే అని కంపెనీ రాసిన మెయిలే మీకు అక్కరకు వస్తుంది.

ఇక తగ్గింపు లెక్క చూద్దాం. 23,000లో 40 శాతం పోతే 13,800. దానికి విజిట్, లేబర్ 2,000 కలిపితే 15,800. దాని మీద 18 శాతం జీఎస్టీ 2,844. చివరికి మీరు కట్టవలసింది 18,644 రూపాయలు. టీవీ కొన్న ధరలో ఇది మూడింట రెండు వంతులు. తగ్గింపే లేకపోతే బిల్లు 29,500 అయ్యేది, అంటే కొత్త టీవీ కంటే ఎక్కువ. తగ్గింపు ప్యానెల్‌కే తప్ప లేబర్‌కు లేదు కాబట్టి బిల్లు మొత్తం మీద మీకు కలిసొచ్చేది 37 శాతం లోపే. 23,000 ధరలో పన్ను ముందే కలిసి ఉందేమో కూడా అడగండి. ఉంటే 13,800 మీద మళ్లీ పన్ను వేయకూడదు.

శాతం కంటే ముఖ్యమైన విషయం, ఆ తగ్గింపు దేని మీద అన్నది. లోపం దీపాల పట్టీలదైతే, బాగున్న ప్యానెల్‌ను మార్చడానికి ఎంత తగ్గించినా అది మీకు లాభం కాదు. ఇందులో టెక్నీషియన్ మోసం చేస్తున్నాడని అనుకోనక్కర్లేదు. చాలా సర్వీస్ సెంటర్లకు పట్టీలు విడిగా రావు, ప్యానెల్, బ్యాక్‌లైట్ కలిసిన మాడ్యూల్‌గానే వస్తాయి, అందుకే వారి అంచనాలో ప్యానెల్ అనే పడుతుంది. పట్టీలు విడిగా తెప్పించగలరా, వాటి మీద కూడా ఇదే తగ్గింపు వర్తిస్తుందా అని అడగండి. ఉచితంగా చేయడానికి వారు ససేమిరా అన్నా, ఈ ఒక్క ప్రశ్నతో బిల్లు చాలా తగ్గే వీలుంది.

బయట మెకానిక్ దగ్గర పట్టీలు మార్పిస్తే ఖర్చు మాడ్యూల్ ధరలో చిన్న భాగమే అవుతుంది. కానీ ఆ పనిలో ఒక ప్రమాదం ఉంది. పట్టీలను చేరాలంటే ముందున్న పలుచని గాజును పైకెత్తి పక్కన పెట్టాలి. చేయి కాస్త వణికినా అది పగులుతుంది, పగిలితే టీవీ పోయినట్టే. గాజు పగిలితే బాధ్యత ఎవరిదో ముందే రసీదు మీద రాయించుకోండి. పోయిన పట్టీ ఒక్కటే కాకుండా సెట్టు మొత్తం మార్పించండి. కడపలో మా ఇంటి టీవీకి ఖర్చు తగ్గుతుందని ఒక్క పట్టీనే మార్పించాను. కొత్తదాని వెలుతురు పాతవాటితో కలవక తెర మీద చార కనిపించేది, ఏడు నెలలు తిరగకుండానే మిగిలిన పట్టీల్లో ఒకటి పోయింది. ఇంకొక్క మాట. కంపెనీతో వాదన తేలేవరకు టీవీని బయట విప్పించకండి. విప్పిన గుర్తులు కనిపిస్తే మీ సెప్టెంబర్ వాదన బలహీనపడుతుంది.

కంపెనీ మళ్లీ కాదంటే 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించి, మీ మెయిళ్లను దానికి జత చేయండి. వారు తీర్పు చెప్పరు, కంపెనీతో మాట్లాడి రాజీకి ప్రయత్నిస్తారు. అక్కడా తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే, వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుంచి 2 ఏళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల లోపు విలువైన వస్తువుకు ఫీజు ఉండదు. అయితే టీవీ లేకుండా నెలల తరబడి ఉండగలరా, తిరగగలరా అన్నది మీరే చూసుకోవాలి. సెప్టెంబర్ ఫిర్యాదుకు రుజువు లేకపోతే కమిషన్ దాకా వెళ్లమని నేను చెప్పను. అప్పుడు పట్టీల ధర మీద బేరమాడుకోవడమే మీకు మేలు.

చివరికి డబ్బు కట్టి చేయించుకోవాలనే నిర్ణయించుకుంటే, వారు ఇచ్చే ఫారం చదవకుండా సంతకం పెట్టకండి. "ఇది పూర్తి, తుది పరిష్కారం, ఇకపై ఎలాంటి క్లెయిమ్ లేదు" అన్న అర్థం వచ్చే వాక్యం ఉంటే, దాని కింద "వారంటీ హక్కును వదులుకోకుండా చెల్లిస్తున్నాను" అని మీ చేతిరాతతో రాసి, ఆ కాగితాన్ని ఫొటో తీసుకోండి. కొత్త భాగానికి ఎన్ని రోజుల హామీ ఇస్తున్నారో బిల్లు మీద ఉండాలి. చాలాచోట్ల ఇచ్చేది 90 రోజులే. తగ్గింపు ఇచ్చాం కాబట్టి హామీ లేదంటే, ఆ మరమ్మతుకు ఒప్పుకోకండి. టీవీ ఇంటికి వచ్చాక పిక్చర్ మెనూలో బ్యాక్‌లైట్‌ను 100 నుంచి 60, 70 మధ్యకు తగ్గించండి. అనంతపురం ఎండాకాలపు వేడిలో నిండు వెలుతురుతో నడిచే దీపాలు త్వరగా అలసిపోతాయి, రాత్రిపూట చూసే ఇంటికి తగ్గించిన వెలుతురే సరిపోతుంది.