మూడు కాపీల బిల్లు పుస్తకం: ఏ కాగితం ఎవరిది?

ప్రశ్న: పర్లాకిమిడిలో రంగుల దుకాణం తెరిచాను, జీఎస్టీ నంబరు తీసుకున్నాను. బిల్లు పుస్తకంలో ఒక్కో నంబరుకు మూడు కాగితాలున్నాయి. ఏది ఎవరికివ్వాలి? పాతపట్నం పంపే సరుకుకూ ఇంతేనా?

జవాబు: సరుకు అమ్మకానికి మొదటి కాపీ కొన్నవారికి, రెండోది సరుకు మోసే బండికి, మూడోది మీకు. జీఎస్టీ నిబంధన 48 ప్రకారం ఆ మాటలు కాపీల మీద ముద్రించి ఉండాలి. తెలుపు, గులాబీ, పసుపు రంగులు ప్రెస్సువారి అలవాటే తప్ప నిబంధన కాదు. కూలి, మరమ్మతు వంటి సేవల బిల్లుకు మాత్రం రెండు కాపీలే చాలు.

పాతపట్నం మన ఊరిని ఆనుకునే ఉన్నా మనది ఒడిశా, అది ఆంధ్రప్రదేశ్ కనుక, అక్కడి దుకాణానికి మీరు పంపే సరుకు మీద ఐజీఎస్టీ వేయాలి. కాపీల పంపకం మాత్రం మారదు. మా దుకాణంలో తెల్లకాగితాన్ని కవరులో పెట్టి అంటించి, గులాబీది డ్రైవరు చేతికి విడిగా ఇస్తాము. రెండూ కవరు లేకుండా డ్రైవరు చేతికే ఇస్తే దారిలో అడిగినవారికి తెల్లది చూపించి, అదే జేబులో పెట్టుకుని, గులాబీది దుకాణంలో ఇచ్చి వచ్చిన డ్రైవర్లున్నారు. అప్పుడు పన్ను జమకు తెల్లకాపీ కావాలని కొన్నవారు మనకు ఫోను చేస్తారు.

సరుకు దించుకున్నవారి సంతకం గులాబీ కాగితం మీద తీసుకుని వెనక్కి తెప్పించుకోవడం చట్టం చెప్పినది కాదు గానీ, చాలా ఉపయోగపడే పద్ధతి. ఒకసారి మేము డబ్బా వెయ్యి చొప్పున 12 డబ్బాలు పంపాము: సరుకు 12,000, పన్ను 18 శాతం చొప్పున 2,160, మొత్తం 14,160 రూపాయలు. ఒక డబ్బా సొట్టపడిందని వారు తిప్పి పంపి, గులాబీ కాగితం మీద "11 ముట్టినవి, 1 వాపసు" అని రాసి సంతకం పెట్టారు. మా గుమాస్తా వెంటనే పుస్తకంలోని పసుపు కాపీలో 12ను 11గా దిద్దబోతే ఆపాను. తెల్లకాపీలో 12 అలాగే ఉంటుంది కదా. 1,180 రూపాయలకు క్రెడిట్ నోటు రాసి, గులాబీ కాగితాన్ని పసుపుదానికి పిన్ను చేశాము.

పసుపు కాపీ చింపకూడదు. బిల్లు రద్దయితే మూడు కాగితాలనూ అడ్డంగా కొట్టి పుస్తకంలోనే ఉంచాలి, లేకపోతే ఆ నంబరు ఏమైందని తనిఖీలో అడుగుతారు. రాసేటప్పుడు మూడో కాగితం కింద అట్టముక్క పెట్టండి, లేదంటే అచ్చు తరువాతి బిల్లు మీద కూడా పడుతుంది. కార్బన్ పాతబడితే పసుపు మీద 3, 8 ఒకేలా కనబడతాయి. అలా కనబడిన రోజే కొత్తది వేయండి.

నిండిన పుస్తకాన్ని ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి. 2024-25 పుస్తకమైతే 2031 డిసెంబరు 31 వరకు.